కీమో తర్వాత పదో రోజు వచ్చే జ్వరం

కీమోథెరపీ ఎక్కించుకుని ఇంటికి వచ్చిన మనిషి మొదటి మూడు నాలుగు రోజులు వాంతులతో, నీరసంతో మంచం మీదే ఉంటారు. తర్వాత కాస్త తేరుకుంటారు. అన్నం సయిస్తుంది, వచ్చిన వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడతారు. వారం గడిచేసరికి ఇంట్లో అందరికీ గండం గట్టెక్కిందన్న ధైర్యం వస్తుంది. ఒంటి లోపల మాత్రం అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మామూలుగా వాడే చాలా మందులకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో రక్తంలోని తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ వారంలో జ్వరం వస్తే అది ఊళ్లో అందరికీ వచ్చే జ్వరం కాదు. గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే జ్వరం.

కేన్సర్ రోగికి సాయం అనగానే దాతలకు ఆపరేషన్ ఖర్చు, మందుల ఖర్చు గుర్తొస్తాయి. అవి పెద్ద ఖర్చులే, కాదనలేం. కానీ పెనుగంచిప్రోలు లాంటి ఊళ్లో ఉన్న రోగికి ఆ పదో రోజు రాత్రి అక్కరకొచ్చేవి చాలాసార్లు ఒక థర్మామీటరు, ఒక ఫోన్ నంబరు, పిలిస్తే వచ్చే ఒక కారు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ తెల్లకణాల సంగతి తెలియాలి.

మిల్లు ఆగినా గోదాములో సరుకు

తెల్లకణాల్లో అయిదు రకాలున్నాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి ముందు వరసలో నిలబడి పోరాడే కాపలావాళ్లు. ఒంట్లోకి బాక్టీరియా చొరబడితే మొదట అక్కడికి పరుగెత్తి దాన్ని మింగేవి ఇవే. ఎముకల్లోని మూలుగ వీటిని రోజుకు సుమారు పదివేల కోట్ల చొప్పున తయారు చేస్తుంది. ఇన్ని ఎందుకంటే, ఒకసారి రక్తంలోకి వచ్చిన న్యూట్రోఫిల్ మామూలుగా ఒక రోజు కూడా అందులో తిరగదు. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది. అందుకే మూలుగ దెబ్బతింటే రక్తహీనత కంటే ముందే న్యూట్రోఫిల్స్ కొరత బయటపడుతుంది.

కీమో మందులు గబగబా విభజన చెందే కణాలను చంపుతాయి. కేన్సర్ కణాలు అలాంటివే. మూలుగలోని లేత కణాలూ అలాంటివే, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు కూడా అలాంటివే. మందుకు శత్రువెవరో మనవాళ్లెవరో తెలియదు.

మరి కీమో ఎక్కించిన మర్నాడే కణాలు పడిపోవాలి కదా, వారం ఎందుకు పడుతుంది? మిల్లు ఆగిపోయినా గోదాములో సరుకు ఉన్నంతకాలం కొట్టు నడుస్తుంది. మూలుగలో విభజన పూర్తయి, ముదురుతూ, బయటికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న కణాల నిల్వ కొన్ని రోజులకు సరిపడా ఉంటుంది. కీమో ఆ నిల్వను పెద్దగా ముట్టుకోదు. ఆ నిల్వ అయిపోయాక, కొత్త సరుకు రాక కొట్టు ఖాళీ అవుతుంది. మందు దెబ్బ తగలని మూలకణాలు మళ్లీ పని మొదలుపెట్టి నిల్వ నింపేసరికి మూడో వారం వస్తుంది. చాలా కీమోలు 21 రోజులకొకసారి ఇవ్వడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఈ కథలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం వ్యాధి వెనక్కి తగ్గింది. ఆధునిక కీమోథెరపీకి అది తొలి మెట్లలో ఒకటి. అదే ఏడాది అదే లెడర్లే నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా బయటికొచ్చింది. కేన్సర్‌ను కొట్టే మందు, ఆ దెబ్బకు చొరబడే సూక్ష్మజీవిని కొట్టే మందు, రెండూ ఒకే చోట నుంచి వచ్చాయి. రెండోది లేకుండా మొదటిదాన్ని గట్టి మోతాదులో వాడటం ఇప్పటికీ సాధ్యం కాదు.

రిపోర్టులో ఏ అంకె చూడాలి

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే అందరూ చూసేది మొత్తం తెల్లకణాల సంఖ్య. డాక్టరు చూసేది ఇంకొకటి. మొత్తం సంఖ్యను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగిస్తే వచ్చేదే అసలు లెక్క. దాన్ని ఆసుపత్రుల్లో ఏఎన్‌సీ అంటారు. మన ల్యాబుల్లో కొందరు న్యూట్రోఫిల్స్ అని, కొందరు పాలీమార్ఫ్స్ అని రాస్తారు, రెండూ ఒకటే. బ్యాండ్ కణాలని విడిగా రాస్తే వాటి శాతాన్ని కూడా కలుపుకోవాలి.

ఇద్దరు రోగులున్నారనుకోండి. ఇద్దరికీ మొత్తం తెల్లకణాలు 1,600. ఒకరికి న్యూట్రోఫిల్స్ 70 శాతం, అంటే 1,120. ఇంకొకరికి 22 శాతం, అంటే 352. పై అంకె ఒకటే అయినా వీరి పరిస్థితి ఒకటి కాదు. మొదటి వారికి కాపలా పలచబడింది, రెండో వారికి దాదాపు లేదు.

ఈ గీతలు ఎవరో ఊహించి గీసినవి కావు. 1966లో డాక్టర్ జెరాల్డ్ బోడే, ఆయన తోటి డాక్టర్లు అమెరికాలో తీవ్ర లుకేమియా రోగుల రక్తపరీక్షలనూ వారికి వచ్చిన ఇన్ఫెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. న్యూట్రోఫిల్స్ వెయ్యి కంటే దిగినప్పుడు ఇన్ఫెక్షన్లు పెరగడం, 500 కంటే దిగితే ఇంకా పెరగడం, 100 కంటే దిగితే బాగా ఎక్కువ కావడం కనిపించింది. ఎంత తగ్గాయన్నదే కాదు, ఎన్ని రోజులు తగ్గి ఉన్నాయన్నది కూడా అంతే ముఖ్యమని తేలింది. రొమ్ము కేన్సర్ కీమోలో ఈ కొరత చాలావరకు కొద్ది రోజులే ఉంటుంది. లుకేమియా చికిత్సలో రెండు మూడు వారాలు కూడా సాగవచ్చు. అందుకే లుకేమియా రోగిని ఆ రోజుల్లో చాలాసార్లు ఆసుపత్రిలోనే ఉంచుతారు, రొమ్ము కేన్సర్ రోగిని ఇంటికి పంపుతారు. ఇంటికి పంపారంటే ఆ కాపలా బాధ్యత ఇంటివాళ్ల చేతికి వచ్చిందన్నమాట.

చీము రాదు, గళ్ల రాదు

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. ఆ చీము చాలావరకు చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీము ఎక్కడి నుంచి వస్తుంది? ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరినా గళ్ల పడకపోవచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో నీడ కనిపించకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పరీక్షలో చీముకణాలు దొరకకపోవచ్చు. ఇల్లు తగలబడుతుంటే పొగ రాకపోవడం లాంటిది ఇది. మిగిలే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. కొందరిలో అదీ రాదు. కీమోతో పాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు జ్వరాన్ని అణచగలవు. వయసు మళ్లినవారిలో ఒళ్లు కాలకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. కాబట్టి వణుకు, ఆయాసం, కళ్లు తిరగడం, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే థర్మామీటరు 98 చూపిస్తున్నా ఫోన్ చేయాల్సిందే.

ఇంకో మాట ఇంటివాళ్లకు తప్పక చెప్పాలి. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బయటి నుంచి ఎవరో తెచ్చి అంటించినవి కావు. రోగి పేగుల్లో, నోటిలో, చర్మం మీద ఎప్పటి నుంచో కాపురమున్న బాక్టీరియావే. కీమోకు పేగు పొర పుండుపడితే ఆ సందుల్లోంచి అవి రక్తంలోకి దిగుతాయి, అక్కడ అడ్డుకునేవాళ్లు ఉండరు. మన దేశంలో ఇలాంటి రోగుల రక్తంలో ఎక్కువగా దొరికేవి ఈ కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటివి, వీటిలో చాలావాటికి మామూలు యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఇవి రక్తంలో చేరితే బీపీ పడిపోవడానికి గంటలు చాలు. పలకరించడానికి వచ్చిన ఖాలా వల్లనే జ్వరం వచ్చిందనో, బడి నుంచి వచ్చిన మనవడు అంటించాడనో ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవడం కద్దు. చాలాసార్లు ఆ నింద ఎవరికీ చెందదు. జాగ్రత్తలన్నీ పాటించినా జ్వరం రావచ్చు. అందుకే జాగ్రత్తలెంత ముఖ్యమో, జ్వరం వచ్చాక ఎంత త్వరగా కదిలామన్నది అంతకంటే ముఖ్యం.

ఒకప్పుడు డాక్టర్లు కూడా రక్తంలో ఏ బాక్టీరియా ఉందో కల్చర్ రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెట్టేవారు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టేది, ఈలోగా చాలామంది దక్కేవారు కాదు. 1971లో డాక్టర్ స్టీఫెన్ షింఫ్, ఆయన సహచరులు ఈ రోగులకు జ్వరం రాగానే, రిపోర్టు కోసం ఆగకుండా రెండు యాంటీబయాటిక్స్ కలిపి మొదలుపెట్టి మంచి ఫలితాలు చూపించారు. ఇవాళ ప్రపంచమంతా పాటించే పద్ధతికి అదే పునాది. రోగి ఆసుపత్రి గుమ్మం తొక్కిన గంటలోపు మొదటి డోసు నరంలోకి వెళ్లాలన్నది ఇప్పటి నియమం.

ఒక బుధవారం సాయంత్రం

ఒక ఉదాహరణ చూద్దాం. పెనుగంచిప్రోలులో నలభై దాటిన ఒక తల్లికి రొమ్ము కేన్సర్. విజయవాడలో సోమవారం రెండో కీమో ఎక్కించారు. ఆ సోమవారాన్ని మొదటి రోజుగా లెక్కపెడితే తర్వాతి వారం బుధవారం పదో రోజు. పగలంతా బాగానే ఉంది. వంట కూడా చేసింది. సాయంత్రం ఏడింటికి ఒళ్లు జలదరించి దుప్పటి కప్పుకుంది. కూతురు థర్మామీటరు పెడితే 100.8.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. మొదటి దారి మనందరికీ అలవాటైనది. "ఒక డోలో వేసుకో బేటా, పొద్దున్న చూద్దాం" అని పెద్దవాళ్లు అంటారు. మాత్ర వేస్తే గంటలో చెమట పట్టి జ్వరం దిగుతుంది, అందరూ పడుకుంటారు. మాత్ర దించింది వేడిని మాత్రమే. రక్తంలో బాక్టీరియా రాత్రంతా పెరుగుతూనే ఉంటుంది. లేదంటే వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయిస్తారు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే పొద్దుటికి మనిషి హుషారుగా కూడా కనిపించవచ్చు. పైగా కీమో తర్వాత ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉండవచ్చు, తుంటిలో వేసిన సూది దగ్గర రక్తం గడ్డకట్టి అదే ఇంకో ఇన్ఫెక్షన్‌కు చోటవుతుంది. తెల్లవారి లేచేసరికి కాళ్లు చేతులు చల్లబడి, మనిషి మగతగా ఉంటే, అప్పుడు బయల్దేరినా నందిగామ మీదుగా విజయవాడ చేరడానికి గంటన్నర పైనే పడుతుంది. మున్నేరు పొంగే రోజులైతే ఆ లెక్క కూడా చెప్పలేం.

రెండో దారిలో కూతురు మాత్ర వేయదు. ఆసుపత్రి ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి మూడు ముక్కలు చెబుతుంది: ఫలానా మందుతో కీమో, ఇవాళ పదో రోజు, జ్వరం 100.8. ఈ మూడు చెబితే అవతల డ్యూటీలో ఉన్నవారికి ఇంకేమీ వివరించనక్కర్లేదు. కీమో ఫైలు, చివరి రక్తపరీక్ష, వాడుతున్న మందుల చీటీ ఉన్న సంచీ ముందే సర్ది తలుపు వెనక తగిలించి ఉంటుంది. ఏడున్నరకు కారు కదులుతుంది. తొమ్మిదిన్నరలోపు ఆసుపత్రిలో రెండు చోట్ల నుంచి కల్చర్‌కు రక్తం తీస్తారు. మెడ కిందో చేతిలోనో పోర్టు, పిక్ లైను ఉంటే ఒకటి అందులోంచి తీస్తారు. వెంటనే పిపెరాసిలిన్–టాజోబాక్టమ్ వంటి యాంటీబయాటిక్ సెలైన్‌లో మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులో ఏఎన్‌సీ 352. రెండు రోజుల్లో జ్వరం తగ్గి, నాలుగైదు రోజుల్లో కణాలు మళ్లీ లేస్తే ఇంటికి పంపుతారు. బీపీ, వయసు, ఇతర జబ్బులు చూసి ప్రమాదం తక్కువనిపించిన కొందరికి కొన్ని గంటలు గమనించి మాత్రలతోనే పంపడం కూడా ఉంది. అయితే ఆ నిర్ణయం పరీక్ష చేసిన డాక్టరుది, ఇంటివాళ్లది కాదు.

దూరం మరీ ఎక్కువై, మనిషి మరీ నీరసంగా ఉంటే కేన్సర్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి జగ్గయ్యపేటలోనో నందిగామలోనో దగ్గర్లోని ఆసుపత్రిలో మొదటి డోసు వేయించుకుని అప్పుడు ముందుకు సాగడం మేలు. ఇలాంటప్పుడు ఏం చేయాలన్నది కీమో మొదలుపెట్టే రోజే డాక్టరుతో మాట్లాడి చీటీ మీద రాయించుకోవాలి. 108కి ఫోన్ చేస్తే సాధారణంగా దగ్గరి ఆసుపత్రికే తీసుకెళతారు. అక్కడ చేరగానే "కీమో రోగి, తెల్లకణాలు తగ్గే రోజులు" అన్న మాట మొదట చెప్పాలి. లేదంటే జ్వరం కేసుల వరుసలో కూర్చోబెట్టే ప్రమాదముంది. ఆ వరుస కూడా రోగికి మంచిది కాదు.

ఇంట్లో నేర్పే జాగ్రత్తలు

మొదటిది థర్మామీటరు వాడకం. డిజిటల్‌ది చాలు. పొద్దున, సాయంత్రం, మధ్యలో ఒంట్లో ఏ మాత్రం తేడా అనిపించినా చూడాలి. నాలుక కింద పెట్టే ముందు పావుగంట సేపు వేడి టీ గానీ చల్లని నీళ్లు గానీ తాగకూడదు. 100.4 అంటే ఫోన్ చేయాల్సిన గీత. చంకలో పెడితే నోటిలో కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు తక్కువ చూపిస్తుంది, కాబట్టి అక్కడ 99.5 దాటినా తేలిగ్గా తీసుకోవద్దు. మలద్వారంలో థర్మామీటరు పెట్టడం, ఎనిమా ఇవ్వడం ఈ రోజుల్లో నిషిద్ధం. అక్కడ చిన్న గీరు పడినా పేగు బాక్టీరియాకు దారి దొరుకుతుంది. మలబద్ధకం ఉంటే ముక్కుతూ కూర్చోకుండా ముందే మందు అడగాలి.

రెండోది చేతులు. రోగికి అన్నం పెట్టేవారు, మందు ఇచ్చేవారు, రోగి కూడా సబ్బుతో ఇరవై సెకన్లపాటు వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్ది కడగాలి. వజూ చేసేవారికి రోజుకు అయిదుసార్లు చేతులు కడిగే అలవాటు ఎలాగూ ఉంది. దానికి ముందు సబ్బు కలిస్తే చాలు. నోరు పుక్కిలించడానికి, ముక్కులోకి ఎక్కించడానికి రోగి ట్యాంకు నీళ్లకు బదులు కాచి చల్లార్చిన నీళ్లు వాడుకోవడం మంచిది.

నోటి సంగతి చాలామంది పట్టించుకోరు. నోటి పూత వచ్చిందంటే బాక్టీరియాకు ఇంకో తలుపు తెరుచుకున్నట్టే. మెత్తటి బ్రష్ వాడాలి. మిస్వాక్, వేపపుల్ల చిగుళ్లను గీరుతాయి, కణాలు తగ్గిన రోజుల్లో వాటిని పక్కన పెట్టాలి. లీటరు నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలిస్తే నోరు శుభ్రంగా ఉంటుంది.

తిండి దగ్గరే మనవాళ్లు ఎక్కువ పొరబడతారు. శుభ్రత పేరుతో పథ్యం మొదలవుతుంది: గుడ్డు వద్దు, మాంసం వద్దు, పండ్లు వద్దు, పెరుగు వద్దు. మనిషి ఎండిపోతాడు. పచ్చి పండ్లు, కూరగాయలు పూర్తిగా మానేస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయన్నది ఒకప్పుడు ఆసుపత్రులే చెప్పిన మాట. దాన్ని పరీక్షించి చూశారు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ కేన్సర్ సెంటర్‌లో తీవ్ర లుకేమియా రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వండిన తిండే పెట్టారు, ఇంకో జట్టుకు పచ్చి పండ్లు, కూరలు కూడా ఇచ్చారు. పెద్ద ఇన్ఫెక్షన్లలో గానీ మరణాల్లో గానీ తేడా రాలేదని 2008లో ప్రకటించారు. అయితే అక్కడి పండ్లు శుభ్రంగా కడిగి ఇచ్చినవి; మన రోడ్డు పక్కన కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కకు ఆ ఫలితం వర్తించదు. నా మటుకు నేను చెప్పేది, ఇంట్లో బాగా కడిగి తొక్క తీసిన అరటి, బత్తాయి, దానిమ్మ తినవచ్చు. బయటి చెరకురసం, పానీపూరీ, హోటలు చట్నీ, కాచని పాలు, సగం ఉడికిన గుడ్డు వద్దు. ఆసుపత్రివారు ఇంకా కట్టుదిట్టంగా చెబితే వారి మాటే వినాలి. మాంసం, గుడ్డు, పప్పు బాగా ఉడికించి పెట్టాలి. కణాలు మళ్లీ తయారు కావాలంటే ముడిసరుకు కావాలి కదా.

దావతు తిండి గురించి విడిగా చెప్పాలి. రాత్రి దించిన దేగ్‌లోని బిర్యానీ మర్నాడు మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనంలోనే బాక్టీరియా బాగా పెరుగుతుంది. మళ్లీ వేడిచేసినా కొన్ని రకాలు అప్పటికే వదిలిన విషం పోదు. ప్రేమతో పంపిన తబర్రుకైనా, పెళ్లి భోజనమైనా ఆ వారం రోగికి వద్దు. బక్రీద్ రోజుల్లో పచ్చి మాంసం కోయడం, పేగులు కడగడం రోగి చేయకూడదు. ఆ చేతులతో, ఆ కత్తిపీటతో ఇంకే పనీ చేయకుండా కడిగి పెట్టాలి. రంజాన్‌లో ఉపవాసం ఉంటానని పట్టుబట్టే రోగులుంటారు. రోగికి మినహాయింపు ఉన్నదే. కీమో రోజుల్లో నీళ్లు లేకుండా పగలంతా ఉండటం మూత్రపిండాలకూ నోటి పొరకూ మంచిది కాదు.

పలకరించడానికి వచ్చేవారిని కాదనలేం. దగ్గు, జలుబు, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉన్నవారు మాత్రం ఫోన్‌లో పలకరించాలి. మిగతావారు వాకిట్లోనో గాలి ఆడే చోటో, కొద్దిమందే, కౌగిలింత లేకుండా కూర్చుని వెళ్లవచ్చు. రోగిని చీకటి గదిలో పెట్టి తలుపేయాల్సిన పని లేదు. తిరునాళ్ల రోజుల్లో ఊరంతా జనం నిండినప్పుడు, జుమ్మా రద్దీలో, బస్సుల్లో ఆ వారం తిరగకపోతే చాలు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. మిర్చి కల్లాల్లో, పత్తి తీసేచోట, గడ్డివాము దగ్గర, పేడ ఎత్తేటప్పుడు, బూజు పట్టిన ధాన్యం చెరిగేటప్పుడు గాలిలో లేచే దుమ్ములో బూజు విత్తులుంటాయి. మామూలు మనిషి రోజూ వాటిని పీలుస్తూనే ఉంటాడు, ఏమీ కాదు. కాపలా కణాలు చాలా రోజులు లేని మనిషి ఊపిరితిత్తుల్లో అవి మొలకెత్తగలవు. ముఖ్యంగా లుకేమియా రోగులకు ఇది పెద్ద ప్రమాదం. పాత గోడ పగలగొట్టే పని ఇంట్లో ఉంటే అది కూడా వాయిదా వేసుకోవాలి.

డబ్బు ఎక్కడ పనికొస్తుంది

కణాలను త్వరగా లేపే సూది మందు ఒకటుంది, జీసీఎస్ఎఫ్ అంటారు. మూలుగను తొందరపెట్టి కొరత రోజులను తగ్గిస్తుంది. ఒకసారి జ్వరంతో ఆసుపత్రి పాలైన రోగికి, ముందే ప్రమాదం ఎక్కువున్న రోగికి తర్వాతి కీమోతో దీన్ని కలిపి ఇస్తారు. రోజూ వేసేది ఒకటి, కీమోకు ఒకసారి వేసేది ఒకటి. ఏదైనా కీమో ముగిసి ఒక రోజు గడిచాకే వేయాలి. తొందరపడి అదే రోజు వేస్తే నష్టమే. ఎముకల్లో నొప్పి రావడం మామూలు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు ఇది. ఫ్రిజ్ లేని ఇంటికి అయిదు సూదులు కొనిచ్చి పంపితే డబ్బు వృథా అయినట్టే, ఊళ్లో ఎవరి ఫ్రిజ్‌లో పెడతారో, ఎవరు వేస్తారో కూడా చూడాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందేవారు ఈ సూదికి, జ్వరంతో మళ్లీ చేరితే అయ్యే ఖర్చుకు ఏ మేరకు వర్తిస్తుందో కీమో మొదలయ్యే రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఈ ప్రశ్న రాత్రి పదింటికి అడిగేది కాదు.

జీసీఎస్ఎఫ్ ఉన్నా జ్వరం రాదని హామీ లేదు. కాబట్టి ఒక రోగి కీమోకు సాయం చేసే దాత ఆ కీమో తర్వాతి రెండో వారాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ వారానికి ఒక డిజిటల్ థర్మామీటరు, దాని బ్యాటరీ. రాత్రివేళ ఫోన్ ఎత్తి కారు తీసే ఇద్దరి పేర్లు. ఒక్కరైతే సరిపోదు, ఆ ఒక్కరూ ఊళ్లో లేని రోజే జ్వరం వస్తుంది. ఆసుపత్రిలో చేరేటప్పుడు కట్టే అడ్వాన్సు కోసం రోగి ఇంట్లోనే విడిగా ఉంచిన కొంత సొమ్ము. డబ్బు కోసం పొద్దుటిదాకా ఆగామన్న మాట వినపడకుండా ఉండటానికి అదొక్కటే మార్గం. ఊరు మరీ లోపలిదైతే, ఇంట్లో చూసేవారు లేకపోతే, ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా విజయవాడలో ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసి ఇవ్వడం కూడా ఆలోచించదగ్గదే.

ఇంట్లో గోడకు అంటించే కాగితం మీద రాయాల్సినవి ఇవీ: కీమో ఎక్కించిన తేదీ, మందు పేరు, ఎనిమిదో రోజు తేదీ, పద్నాలుగో రోజు తేదీ, ఆసుపత్రి రాత్రి నంబరు, కారు నంబర్లు రెండు, "100.4 — మాత్ర వేయవద్దు, ఫోన్ చేయండి". చదువు రాని ఇంట్లో థర్మామీటరు మీద ఆ అంకె ఎలా కనిపిస్తుందో బొమ్మ గీసి చూపించాలి. ప్రతి కీమోకూ తేదీలు మారతాయి, కాగితం కూడా మార్చాలి.